మీ పిచ్ డెక్ చదివాక మేము అడగదలచిన ప్రశ్నలు

వ్యవస్థాపకులిద్దరికీ నమస్కారం.

పెట్టుబడి కోరుతూ మీరు పంపిన డెక్‌లోని 16 స్లైడ్లనూ రెండుసార్లు చదివాను. టీకాలు, మందులు దాచే శీతల గదిలో ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల హద్దు దాటితే, ఆ సంగతి ఎవరి కంటా పడకుండానే సరుకు పాడైపోతుందన్న మీ మొదటి స్లైడ్ సూటిగా ఉంది. ఆ సమస్య నిజమైనదేనని నన్ను ఒప్పించాల్సిన పని లేదు. నేను తేల్చుకోవలసింది మరొకటి: ఆ హద్దు దాటగానే హెచ్చరించే మీ సెన్సర్లు పెట్టించుకున్నవారు ఏడాది గడిచాక కూడా వాటిని వాడుతున్నారా? కింది ప్రశ్నల్లో ఎక్కువ భాగం దాని కోసమే. జవాబులు మెరుగులు దిద్ది పంపనక్కర్లేదు. ‘ఇది ఇంకా లెక్కించలేదు’ అని రాసినా నాకు పనికొస్తుంది.

కస్టమర్లు

1. ఆరో స్లైడ్‌లో నిటారుగా పైకి వెళ్తున్న గీత, మొదటి రోజు నుంచి అమ్మిన పరికరాల మొత్తం. కూడుకుంటూ పోయే లెక్క ఎన్నటికీ కిందికి దిగదు. ఒక్కో నెలలో కొత్తగా అమర్చినవెన్ని, తీసేసినవెన్ని, నెలాఖరుకు డేటా పంపుతున్నవెన్ని? గత 24 నెలలకూ విడివిడిగా కావాలి.

2. ఏడో స్లైడ్‌లో కస్టమర్లు 38. తొమ్మిదో స్లైడ్‌లో లోగోలు 46. ఆ మిగతా ఎనిమిది ఎవరివి? ఉచితంగా పరీక్షిస్తున్నవారివా, మాట ఇచ్చి ఇంకా సంతకం చేయనివారివా, వదిలి వెళ్లినవారివా? ఆ 38లో గత మూడు నెలలూ చందా చెల్లించినవారు ఎందరు? బిల్లుల జాబితాతో పాటు బ్యాంకు స్టేట్‌మెంటు కూడా పంపితే రెండింటినీ పోల్చి చూసుకుంటాను.

3. నెలకు 3 శాతం కస్టమర్లు మాత్రమే వెళ్లిపోతున్నారని రాశారు. అదే వేగం కొనసాగితే ఏడాది తిరిగేసరికి దాదాపు 31 శాతం మంది ఉండరు. సగటు కస్టమర్ మీతో 33 నెలలు ఉంటారన్నమాట. కానీ పదకొండో స్లైడ్‌లో ఒక కస్టమర్ వల్ల వచ్చే మొత్తం రాబడిని 60 నెలలకు లెక్కకట్టారు. ఈ రెండింటిలో దేన్ని నమ్మమంటారు? ఏ నెలలో చేరినవారిని ఆ నెల జట్టుగా విడదీసి, ఆరు, పన్నెండు, పద్దెనిమిది నెలల తర్వాత ఎందరు మిగిలారో చూపించండి.

4. హెచ్చరిక మోగినప్పుడు ఎవరు లేస్తున్నారు? నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. సరుకు దించేటప్పుడు తలుపు కాసేపు తెరిచి ఉంచినా ఉష్ణోగ్రత పెరుగుతుంది. అలాంటి ఉత్తుత్తి హెచ్చరికలు రోజుకు పది వస్తే, గిడ్డంగి సిబ్బంది వారంలోపే మోతను ఆపేస్తారు. నెలలో పంపిన హెచ్చరికలెన్ని, వాటిలో అరగంటలోపు ఎవరైనా స్పందించినవెన్ని, తెరిచి కూడా చూడనివెన్ని? ఈ లెక్క మీ సర్వర్లలోనే ఉంటుంది. మీ వస్తువు విలువ గురించి డెక్ మొత్తం చెప్పని సంగతి ఆ అంకెలు చెబుతాయి.

5. రాబడిలో అతి పెద్ద కస్టమర్ వాటా ఎంత? మొదటి ముగ్గురిదీ కలిపితే ఎంత? వారి ఒప్పందాల గడువు ఎప్పుడు ముగుస్తుంది? మధ్యలో రద్దు చేసుకోవడానికి ఎన్ని రోజుల నోటీసు చాలు?

6. మీరు ఎంచి ఇచ్చిన ముగ్గురు కస్టమర్లతో మాట్లాడతాను. వదిలి వెళ్లిన ముగ్గురితోనూ మాట్లాడనిస్తారా?

డబ్బు

7. స్థూల లాభం 71 శాతం అన్నారు. అందులో పరికరం తయారీ ఖర్చు ఉందా? అమర్చే మనిషి ప్రయాణం, బ్యాటరీ మార్పు, సిమ్ కార్డు ఛార్జీలు, ఏటా సెన్సర్‌ను ప్రామాణిక పరికరంతో సరిచూసే క్యాలిబ్రేషన్? ఇవన్నీ కలిపాక ఎంత మిగులుతుంది?

8. ఒక కస్టమర్‌ను తెచ్చుకోవడానికి పెట్టిన ఖర్చు ఏడు నెలల్లో తిరిగి వస్తుందన్నది అమ్మకాల సిబ్బంది జీతాలు కలిపి వేసిన లెక్కా? కస్టమర్లలో సగం మందిని వ్యవస్థాపకులే స్వయంగా తెచ్చారని పదో స్లైడ్ చెబుతోంది. ఆ పని జీతగాళ్లు చేయాల్సి వచ్చిన రోజు ఈ ఏడు నెలలు ఎంతవుతాయి?

9. ఏడాది చందా ఒకేసారి వసూలైతే, ఆ మొత్తాన్ని ఆ నెల రాబడిగానే రాస్తున్నారా, పన్నెండు నెలలకు పంచుతున్నారా?

10. ఈ విడత పెట్టుబడి 18 నెలలకు సరిపోతుందన్నారు. మీ అంచనాల ప్రకారమే ఖర్చూ రాబడీ సమానమయ్యేది 24వ నెలలో. ఆ ఆరు నెలలు ఎలా గడుస్తాయి? అమ్మకాలు అంచనాలో సగమే వస్తే మొదట ఏ ఖర్చు తగ్గిస్తారు?

పరికరం, హక్కులు

11. సెన్సర్ చిప్ ఒక్క సరఫరాదారు దగ్గరే కొంటున్నారా? వారు ఆపేస్తే మరో చిప్‌తో పరికరాన్ని మళ్లీ రూపొందించి పరీక్షించడానికి ఎన్నాళ్లు పడుతుంది? నెట్‌వర్క్ పోయినప్పుడు పరికరం రీడింగులను ఎన్ని గంటలు దాచుకోగలదు? తనిఖీ అధికారులు అడిగితే ఆ రికార్డులను ఎవరూ దిద్దలేదని ఎలా రుజువు చేస్తారు?

12. మొదటి సాఫ్ట్‌వేర్‌ను సంస్థ నమోదు కాకముందు బయటి ప్రోగ్రామర్ ఒకరు రాశారని మీరే నిజాయితీగా చెప్పారు. దాని హక్కులు సంస్థకు రాతపూర్వకంగా బదిలీ అయ్యాయా? ఇక్కడ నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. ఇంతకుముందు నేను పెట్టుబడి పెట్టిన ఒక సంస్థలో సరిగ్గా ఇదే కాగితం లేదు. తర్వాతి విడత పెట్టుబడిదారుల న్యాయవాది దాన్ని పట్టుకున్నారు. ఆ పాత ప్రోగ్రామర్‌ను వెతికి సంతకం తెచ్చుకునేసరికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఆలస్యంలో మంచి ఇంజినీర్లు ముగ్గురు వెళ్లిపోయారు. ఓపెన్ సోర్స్ భాగాలు వాడి ఉంటే, వాటి లైసెన్సుల జాబితా కూడా జతచేయండి.

మీరిద్దరూ

13. మీ ఇద్దరి వాటాలూ కాలక్రమంలో దక్కేలా ఒప్పందం ఉందా? ఒకరు ఏడాదిలోపే తప్పుకుంటే వారి వాటా ఏమవుతుంది? మొదట మూడో వ్యవస్థాపకుడు ఉన్నట్టు పాత వార్తా ప్రకటనలో చూశాను. ఆయన ఎందుకు వెళ్లారు, ఇప్పటికీ వాటా ఉందా? ఇది కుతూహలం కొద్దీ అడగడం లేదు. మీ ఇద్దరితో విడివిడిగా మాట్లాడినప్పుడు కూడా దీన్నే అడుగుతాను.

14. ఇప్పటికే ఇచ్చిన కన్వర్టిబుల్ నోట్లన్నీ వాటాలుగా మారాక ఎవరికెంత వాటా ఉందో చూపే క్యాప్ టేబుల్ ఎలా ఉంటుంది? ఉద్యోగులకు నోటిమాటగా ఇస్తామన్న వాటాలు ఏమైనా ఉంటే అవీ అందులో కలపండి.

మార్కెట్, పోటీ

15. ప్రపంచ మార్కెట్‌లో ఒక్క శాతం అన్న లెక్క నాకు అక్కర్లేదు. మీ అమ్మకాల బృందం చేరుకోగల గిడ్డంగులెన్ని, ఒక్కోదానికి ఎన్ని సెన్సర్లు, ఎంత చందా అని కింది నుంచి గుణించి చూపండి.

16. పోటీదారుల పట్టికలో అన్ని గడుల్లోనూ మీకే టిక్కులున్నాయి. అయినా మిమ్మల్ని కాదని వారి దగ్గర కొన్నవారు ఏ కారణం చెప్పారు? శీతల యంత్రాలు తయారుచేసే సంస్థలే సెన్సర్లను లోపల అమర్చి అమ్మడం మొదలుపెడితే మీ చందా ఎవరు కడతారు?

కోర్టు వివాదాలు, పన్ను బకాయిలు, బీమా, డేటా భద్రత ఒప్పందాలు ఉంటే వాటి పత్రాలు ఫోల్డర్‌లో పెట్టండి, చాలు. వాటిని మా న్యాయవాది చూసుకుంటారు.

అన్నీ ఒకేసారి పంపాలని ఆగవద్దు. 1, 3, 4 ప్రశ్నల అంకెలు వచ్చే గురువారంలోపు అందితే, మరుసటి రోజే ఫోనులో కూర్చుని ఒక్కో నెలా కలిసి చూద్దాం. 12వ ప్రశ్నలోని బదిలీ పత్రం లేకపోతే మాత్రం ఆ ప్రోగ్రామర్‌తో ఈ వారమే మాట్లాడండి. మా నిర్ణయం ఏదైనా మీకు ఆ సంతకం అవసరం.

అభినందనలతో,
మీ డెక్ చదివిన పెట్టుబడిదారు