మన బాత్రూమ్ చెక్‌లిస్ట్: వారం వారం, ఏడాదికోసారి

(ఈ కాగితం బేసిన్ కింది అల్మరా తలుపు లోపలి వైపు అంటించి ఉంటుంది. తీయొద్దు, తడపొద్దు. పెన్సిల్ దారంతో కట్టి ఉంది.)

ముందుగా మన దగ్గర ఏమేం ఉన్నాయంటే: వేణ్ణీళ్లు, చన్నీళ్లు కలిపే బేసిన్ మిక్సర్ ఒకటి, షవర్, బకెట్ ట్యాప్, కమోడ్ దానికి ఫ్లష్ ట్యాంక్, హెల్త్ ఫాసెట్, గీజర్. యాంగిల్ వాల్వులు ఐదు: బేసిన్ కింద రెండు, ఫ్లష్ ట్యాంక్ పక్కన ఒకటి, హెల్త్ ఫాసెట్‌కి ఒకటి, గీజర్‌లోకి నీళ్లొచ్చే వైపు ఒకటి. నేల మీద రెండు జాలీలు, షవర్ కింద ఒకటి, కమోడ్ దగ్గర ఒకటి. మొత్తం బాత్రూమ్‌కి నీళ్లు ఆపే మెయిన్ వాల్వ్ బయట గోడకి, కిటికీ కింద ఉంది. ఎర్ర పెయింట్ వేశాను. అది ఎక్కడుందో, ఎటు తిప్పితే ఆగుతుందో ఇంట్లో అందరికీ తెలియాలి, నానమ్మతో సహా.

ఇంత హడావిడి ఎందుకంటే, 2024 మే నెలలో రాత్రి పదకొండింటికి హెల్త్ ఫాసెట్ పైపు పగిలింది. యాంగిల్ వాల్వ్ తిప్పుదామంటే కదల్లేదు. ఆరేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు, లోపల ఉప్పు పేరుకుని బిగుసుకుపోయింది. కటింగ్ ప్లయర్‌తో బలవంతం చేస్తే పిడి నా చేతిలోకి ఊడొచ్చింది. మెయిన్ వాల్వ్ వెతుక్కుని కట్టేసరికి నీళ్లు హాల్లోకి వచ్చేశాయి. కారే ట్యాపును ఎవరైనా చూస్తారు, బాగు చేయిస్తారు. ఎవరూ ముట్టని వాల్వు, చప్పుడు చేయకుండా కారే ఫ్లష్ ట్యాంక్, ఈ రెండే మనల్ని ముంచేవి. అందుకే కింది జాబితాలో వాటికే ఎక్కువ చోటిచ్చాను.

ప్రతి ఆదివారం, స్నానాలు మొదలవకముందు (పావుగంట పని)

□ ట్యాపులన్నీ కట్టేసి ఒక నిమిషం నిలబడి వినండి. చుక్క చప్పుడు, ట్యాంకులో సన్నగా నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించకూడదు. ఫ్యాన్ ఆపండి, ఫోన్ బయట పెట్టండి.

□ బకెట్ ట్యాప్ కింద నేల పొడిగా ఉందా? చుక్క పడుతుంటే ఇంకా గట్టిగా బిగించొద్దు. బిగించిన కొద్దీ లోపలి వాషర్ ఇంకా నలుగుతుంది. సెకనుకో చుక్క అంటే రోజుకి 86,400 చుక్కలు. నమ్మకపోతే రాత్రి కింద మగ్గు పెట్టి పొద్దున్న చూడండి. ఇది పెద్దోడి పని.

□ బేసిన్ కింద ఈ తలుపు తీసి, రెండు కనెక్షన్ పైపుల నట్ల చుట్టూ పొడి టిష్యూ కాగితం తిప్పండి. చెయ్యి తడిని పట్టుకోలేదు, కాగితం పట్టుకుంటుంది. బాటిల్ ట్రాప్ అడుగున కూడా.

□ జాలీలు రెండూ ఎత్తి, వెంట్రుకలు తీసి చెత్తబుట్టలో వేయండి. కమోడ్‌లో కాదు! పాత టూత్‌బ్రష్‌తో అంచులకున్న పాచి తోమండి. తర్వాత అరబకెట్టు నీళ్లు ఒక్కసారిగా పోయండి. నేల మీద నిలవకుండా పోవాలి.

□ బేసిన్ మూత పెట్టి నిండా పట్టి వదలండి. మన బేసిన్ బాగున్నప్పుడు 20 సెకన్లలో ఖాళీ అయింది. 40 దాటితే కింద ఏదో పేరుకుంటోందని అర్థం, పూర్తిగా మూసుకుపోయే దాకా ఆగొద్దు.

□ ఫ్లష్ రెండు బటన్లూ ఒక్కోసారి నొక్కండి. నొక్కిన బటన్ మళ్లీ పైకి రావాలి. ట్యాంక్ నిండాక నీళ్ల చప్పుడు పూర్తిగా ఆగాలి.

□ హెల్త్ ఫాసెట్ వాడాక దాని యాంగిల్ వాల్వ్ కట్టాలి. ఇది వారానికి కాదు, రోజూ. ట్రిగ్గర్ వదిలినంత మాత్రాన పైపులో నీళ్ల ఒత్తిడి పోదు, రాత్రంతా ఆ సన్నటి పైపు దాన్ని మోస్తూనే ఉంటుంది. మనది పగిలింది అందుకే. వారానికోసారి పైపు మీద ఉబ్బు ఉందా, మెలి పడిందా చూడండి.

వారం పని అంతే. షవర్ తలకి రంధ్రాలు మూసుకుపోతే వేలితో రుద్దితే చాలు, మనది రబ్బరు మొనలది.

నాలుగు రోజులకు మించి ఊరెళ్లేటప్పుడు

□ గీజర్ స్విచ్ ఆపి, మెయిన్ వాల్వ్ కట్టాలి.
□ తిరిగొచ్చాక వాసన వస్తే ముందు రెండు జాలీల్లో చెరో మగ్గు నీళ్లు పోయండి. జాలీ కింది ట్రాప్‌లో కాసిని నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటాయి, డ్రైనేజీ వాసనని ఆపేది అవే. వాడకపోతే ఎండిపోతాయి. ఫినాయిల్ పోసి వాసన మీద వాసన కప్పడం కంటే ఒక మగ్గు మామూలు నీళ్లు నయం.

ఏడాదికోసారి: పిల్లల సెలవుల్లో మొదటి ఆదివారం

ముందు రోజు రాత్రి పడుకునే ముందు వాటర్ మీటర్ అంకె ఫోటో తీయాలి. తర్వాత ఎవరూ నీళ్లు వాడకూడదు, ఫ్లష్ కూడా. పొద్దున్నే మళ్లీ ఫోటో. అంకె కదిలితే ఎక్కడో కారుతోంది. మెయిన్ వాల్వ్ కట్టి ఇంకో గంట చూస్తే అది బాత్రూమ్‌లోనా బయటా అన్నది తేలిపోతుంది. నానమ్మకి రాత్రి లేవాల్సి వస్తుంది కాబట్టి ఆమె కోసం ఒక బకెట్టు, మగ్గు ముందే నింపి ఉంచండి.

*వాల్వులు*

□ ఐదు యాంగిల్ వాల్వులూ ఒక్కొక్కటిగా పూర్తిగా కట్టి, దాని ట్యాపు తెరిచి, నీళ్లు నిజంగా ఆగాయో లేదో చూడాలి. తర్వాత పూర్తిగా తెరిచి పావు చుట్టు వెనక్కి. అలా వదిలితే చివరికంటా బిగుసుకుని అతుక్కుపోదు. హెల్త్ ఫాసెట్‌కి కొత్తగా వేసింది సగం చుట్టు తిరిగే రకం, దానికి ఈ వెనక్కి తిప్పడం అక్కర్లేదు.
□ చేత్తో తిరగకపోతే అక్కడే ఆగండి. ప్లయర్ వద్దు. మెయిన్ కట్టి ఉన్నప్పుడు ప్లంబర్ చేత మార్పించడమే.
□ తిప్పాక పిడి మొదట్లో తడి కనిపిస్తే, అక్కడి చిన్న నట్టు ఎనిమిదో వంతు చుట్టు బిగిస్తే సాధారణంగా ఆగుతుంది.
□ బయటి మెయిన్ వాల్వ్ కూడా ఇలాగే. ఈసారి మన చిన్నమ్మాయి తిప్పాలి, దాని చేతికి తిరిగితే ఇంట్లో అందరి చేతికీ తిరుగుతుంది.

*కనెక్షన్ పైపులు*

□ స్టీలు అల్లిక ఎక్కడైనా తెగిందా, నట్టు దగ్గర తుప్పు గానీ పచ్చటి మరక గానీ ఉందా చూడాలి. ఉంటే మార్చడమే, ఆలోచించొద్దు. బాగున్నట్టే కనిపించినా ఐదేళ్లకి మార్చాలని నేను పెట్టుకున్న లెక్క. లోపలి రబ్బరు ఎలా ఉందో బయటికి కనపడదు.

*ట్యాపులు*

□ బేసిన్ ట్యాపు మూతి దగ్గరి చిన్న జల్లెడ విప్పి, ఇసుక దులిపి, వెనిగర్‌లో అరగంట నానబెట్టి బ్రష్‌తో తోమాలి. ధార సన్నబడితే చాలాసార్లు తప్పు దీనిదే, ట్యాపుది కాదు. పైన ట్యాంకు కడిగించిన రోజు కూడా ఇది విప్పి, నీళ్లు తేటపడే దాకా వదిలి, తర్వాతే బిగించాలి.
□ బకెట్ ట్యాప్ పాత రకం, వాషర్ మారిస్తే సరిపోతుంది. మిక్సర్‌లో వాషర్ ఉండదు, కాట్రిడ్జ్ ఉంటుంది. అది కారితే పాతది విప్పి చేత్తో పట్టుకుని షాపుకి వెళ్లండి, కొలత గుర్తుంచుకుని వెళ్తే రెండోసారి తిరగాల్సిందే.
□ మర విప్పిన చోట టెఫ్లాన్ టేపు కొత్తగా చుట్టాలి. మర మన వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కున. తిరగేసి చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి పోగుపడుతుంది.

*ఫ్లష్ ట్యాంక్*

□ రంగు పరీక్ష, చిన్నదానికి ఇష్టమైన పని. ట్యాంక్ మూత తీసి, నీళ్లలో ఫుడ్ కలర్ పది చుక్కలు వేసి, 20 నిమిషాలు ఎవరూ ఫ్లష్ చేయకూడదు. కమోడ్‌లో రంగు కనిపిస్తే ఫ్లష్ వాల్వ్ అడుగున ఉన్న రబ్బరు సీలు అరిగింది, లేదా దాని కింద ఉప్పు పొర చేరింది. విప్పి తుడిచి చూడాలి, ఆగకపోతే మార్చాలి.
□ నీళ్ల మట్టం పొంగుగొట్టం అంచుకి రెండు, రెండున్నర సెంటీమీటర్లు కింద ఉండాలి. అంచు దాకా వస్తే నీళ్లు ఆ గొట్టంలోంచి చప్పుడు లేకుండా పోతూనే ఉంటాయి. ఫ్లోట్ స్క్రూ తిప్పి దించాలి.
□ నీళ్లొచ్చే చోట చిన్న ఫిల్టర్ ఉంటుంది. ట్యాంక్ నిండడానికి చాలాసేపు పడుతుంటే అది కడగాలి.
□ ట్యాంకులో వేసే క్లోరిన్ బిళ్లలు కొనొద్దు. అవి రబ్బరు సీళ్లను తినేస్తాయి.
□ కమోడ్ రెండు చేతులతో పట్టి కదిపి చూడాలి. ఊగితే అడుగు బోల్టులు, చుట్టూ సీలెంట్ చూడాలి.

*డ్రైన్లు*

□ బేసిన్ బాటిల్ ట్రాప్ కింద బకెట్ పెట్టి, అడుగు మూత చేత్తో విప్పి కడగాలి. లోపలున్నది చూసి ముక్కు మూసుకోవద్దని ఎవరికీ చెప్పను. రబ్బరు వాషర్ మళ్లీ అదే చోట, అదే వైపు పెట్టాలి.
□ నేల ట్రాప్ లోపలి కప్పు తీయగలిగితే తీసి కడిగి, మళ్లీ తప్పకుండా పెట్టాలి. అది లేకపోతే బొద్దింకలకు దారి తీసినట్టే.
□ బయటి ఛాంబర్ మూత ఎత్తి, లోపల ఫ్లష్ నీళ్లు ఆగకుండా పోతున్నాయా చూడాలి. ఫ్లష్ కొట్టినప్పుడు నేల జాలీలో గుడగుడ చప్పుడు వస్తే పైపులోకి గాలి ఆడట్లేదని అనుమానించాలి, మేడ మీద గాలి గొట్టం మూసుకుపోయిందేమో చూడాలి.
□ యాసిడ్ వద్దు. ఒకసారి నేనే పోశాను, జాలీ నల్లబడింది, టైల్స్ మధ్య సిమెంటు తినేసింది, వెంట్రుకలు మాత్రం అక్కడే ఉన్నాయి. యాసిడ్, బ్లీచింగ్ ఒకదాని మీద ఒకటి అస్సలు పోయకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బాత్రూమ్‌లో ప్రాణం మీదికే వస్తుంది. మరిగే నీళ్లూ వద్దు, పీవీసీ పైపు అంత వేడి తట్టుకోదు. వంట సోడా, వెనిగర్ కలిపితే బుసబుస పొంగుతుంది తప్ప ఒకదాన్నొకటి చంపుకుంటాయి. వెంట్రుకలకి ప్లాస్టిక్ కొక్కెం పట్టీ, మిగతా వాటికి రబ్బరు పంపు. అంతే.

*గీజర్ వాల్వ్*

□ స్విచ్ ఆపి, నీళ్లు చల్లారాక, సేఫ్టీ వాల్వ్ మీట ఒకసారి ఎత్తి వదలాలి. నీళ్లు చిమ్మి, వదలగానే ఆగాలి. వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు రాలడం మామూలే, రోజంతా కారితే మాత్రం మెకానిక్‌ని పిలవాలి. కారుతోందని దానికి మూత బిగించొద్దు!

రికార్డు

2021 జూన్: బేసిన్ కనెక్షన్ పైపులు రెండూ కొత్తవి. (2026లో మార్చాలి)
2024 మే: హెల్త్ ఫాసెట్ పైపు, దాని యాంగిల్ వాల్వ్ కొత్తవి.
2024 జూన్: బకెట్ ట్యాప్ వాషర్ మార్చాం.
2025 మే: రంగు పరీక్షలో కమోడ్ నీలమైంది. సీలు మార్చాం. తర్వాత మీటర్ రాత్రంతా కదల్లేదు.
2025 మే: బేసిన్ వేణ్ణీళ్ల వైపు యాంగిల్ వాల్వ్ బిగుతుగా ఉంది, కానీ తిరుగుతోంది. నెలకోసారి తిప్పాలి (పెద్దోడు).