జీతం పెరిగాక కాదు, ఈ నెల నుంచే

అందరికీ నమస్కారం. మీలో ఎక్కువమంది అనంతపురం, చిత్తూరు వైపు నుంచి బెంగళూరులోని ఈ పీణ్యాకు పనికి వచ్చినవారే కాబట్టి తెలుగులోనే మాట్లాడతాను.

"సార్, మిగిలేదే వెయ్యి. దాంతో ఏమవుతుంది? జీతం పెరిగాక పెద్ద మొత్తం వేస్తాం." మా బ్యాంకు కౌంటర్ దగ్గర ఈ మాట రోజూ వింటాను. ఆ ఆలస్యానికి ఎంత ఖర్చవుతుందో చూద్దాం.

బోర్డు వైపు చూడండి. ఒక అక్క 22వ ఏట నెలకు 1,000 రూపాయలతో మొదలుపెట్టి, 52 వచ్చేదాకా ఆపలేదు. ఒక అన్న 42 నిండాక నెలకు 6,000 చొప్పున, తనూ 52 దాకా కట్టాడు. అక్క జేబులోంచి పోయింది 3,60,000. అన్నది 7,20,000, సరిగ్గా రెట్టింపు. ఏటా 7 శాతం చక్రవడ్డీ, ఏడాది సొమ్ము ఏడాది చివర జమ అనుకుని లెక్క కట్టాను. అన్నకు వచ్చేది సుమారు 9,95,000. అక్కకు సుమారు 11,33,000!

ఎలాగంటే, రెండో ఏడాది అక్కకు వచ్చే వడ్డీ 840 రూపాయలే. చాలామంది ఇక్కడే విసిగి ఖాతా మూసేస్తారు. దయచేసి మూయకండి. పన్నెండో ఏడాది వడ్డీ 13,250 దాకా వస్తుంది, అంటే ఆమె ఏడాదంతా కట్టే 12,000 కంటే ఎక్కువ. ముప్ఫయ్యో ఏడాది ఒక్కదానికే 73,000 దాటుతుంది. వడ్డీకి వడ్డీ పుట్టడానికి అన్న దగ్గర అన్ని ఏళ్లు లేవు.

ఈ 7 శాతం లెక్క కోసం తీసుకున్నది. రేట్లు మారుతుంటాయి. ధరలూ పెరుగుతాయి, అప్పటి పదకొండు లక్షలు ఇప్పటి పదకొండు లక్షలు కావు. ఇది దాచిపెట్టి మీతో ఖాతా తెరిపించడం నాకు ఇష్టం లేదు. అయితే ఆ ధరల దెబ్బ ఇద్దరికీ ఒకటే.

ఇలా నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్, అంటే ఆర్‌డీ, సాధారణంగా పదేళ్ల వరకే ఉంటుంది. గడువు తీరాక ఆ మొత్తాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, కొత్త ఆర్‌డీ మొదలుపెట్టండి. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఫారంలో వడ్డీ ఎలా కావాలో అడిగే చోట జాగ్రత్త. నెలనెలా చేతికి కావాలని టిక్కు పెడితే నేను చెప్పిన లెక్క అక్కడితో ఆగిపోతుంది. గడువు తీరాక అసలుతో కలిపి ఇమ్మని పెట్టండి.

తెలిసినవారి చీటీ అంటూ నోటిమాట మీద డబ్బు ఇచ్చేవారు ఒక్క క్షణం ఆగండి. బ్యాంకులో మీ డిపాజిట్లకు అసలు, వడ్డీ కలిపి, ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకు బీమా ఉంది.

మీకు జీతం ఏడో తేదీన పడుతుంది. ఆర్‌డీ వాయిదా ఎనిమిదో తేదీన దానంతట అదే కోత పడేలా రాసుకుందాం, ఖర్చుల కంటే ముందు. వెయ్యి కష్టమైతే ఐదు వందలు రాయండి. ఆధార్, పాన్ తెచ్చుకున్నవారు ఈ కుడివైపు బల్ల దగ్గరికి రండి, ఫారం నింపడంలో నేనే సాయం చేస్తాను.