నువ్వు సగంలో ఆపిన సినిమా

సుబేదారి, హనుమకొండ,
27 అక్టోబర్ 2024.

చిరంజీవి సౌమ్యకు తాత ఆశీస్సులతో రాసేది.

మొన్న దసరాకు వచ్చినప్పుడు నా మాట కాదనలేక, తెలంగాణ రైతాంగ పోరాటం మీద తీసిన ‘మా భూమి’ చూడడానికి కూర్చున్నావు. కథానాయకుడు రామయ్య ఊరు విడిచి హైదరాబాద్ చేరే దాకా చూసి, “తాతా, ఇది సినిమాలా లేదు, డాక్యుమెంటరీలా ఉంది” అని లేచిపోయావు. ఆ మాట పూర్తిగా తప్పని నేను అనను. తీసిన గౌతమ్ ఘోష్ బెంగాలీ, అది ఆయన తొలి కథాచిత్రం. నిర్మాతల్లో ఒకరైన బి. నర్సింగరావు మన తెలంగాణ వారు. మెదక్ జిల్లా మంగళపర్తిలో, ఊరి జనాన్నీ నిలబెట్టి తీశారు కాబట్టి, నలుపు తెలుపుల్లో కనిపించే ఆ ముఖాలు నటుల ముఖాల్లా ఉండవు. నీకు లోపంగా తోచింది అదే, నన్ను ఇన్నేళ్ళుగా పట్టుకున్నదీ అదే.

ఆ సినిమా వరంగల్‌కు వచ్చినప్పుడు నేను పరకాల వైపు ఒక పల్లెలో తెలుగు పంతులును. పిల్లలు “అచ్చిన సారూ” అంటే “వచ్చాను అనాలి” అని దిద్దేవాణ్ణి. రెండోసారి అన్నవాడి అరచేతి మీద బెత్తం కూడా పడేది. మన ఇంట్లో మా అమ్మ మాట్లాడే మాటనే బడిలో తప్పుగా లెక్కగట్టి కొడుతున్నానన్న స్పృహ నాకు లేదు. అప్పటిదాకా నేను చూసిన సినిమాల్లో మన మాట వినబడితే నవ్వించడానికే వినబడేది. ఈ సినిమాలో కూలీ, ముసలమ్మ, పోరాడేవాడు, ఏడ్చేవాడు అందరూ ఆ మాటే మాట్లాడుతుంటే హాలులో ఒక్కరూ నవ్వలేదు. బయటికి వచ్చి సైకిల్ తీస్తున్నప్పుడు నా చెయ్యి నాకే బరువనిపించింది. ఆ సోమవారం నుంచి బెత్తం బడికి తీసుకుపోలేదు. (ఈ ఉత్తరం మాత్రం మళ్ళీ పుస్తక భాషలోనే రాస్తున్నానని నవ్వుకుంటావేమో, నలభై ఏళ్ళ అలవాటు కలాన్ని వదలదు బిడ్డా.)

“వెట్టి అంటే జీతం తక్కువ ఇవ్వడమా?” అని అడిగావు గుర్తుందా? జీతమే లేకపోవడం. దొర గడీకి పిలుపు వస్తే సొంత చేను ఎండిపోతున్నా నాగలి విప్పుకుని పోవాలి. కాదన్నవాడికి ఊళ్ళో బతుకు లేదు. తను ప్రేమించిన చంద్రికి జరిగిన అన్యాయం చూసి రామయ్య ఊరు వదలడం నీకు కథ కోసం కల్పించిన మలుపులా కనిపించి ఉంటుంది గానీ, అలా రాత్రికి రాత్రి ఊరు విడిచినవాళ్ళ గురించి మా నాయన పేర్లతో సహా చెప్పేవాడు. ఆ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమరయ్య 1946 జులై 4న నేలకొరిగిన కడవెండి మనకు దూరమేమీ కాదు, ఇప్పటి జనగామ జిల్లాలోనే ఉంది.

ఇక పాటలు. బండి యాదగిరి రాసిన ‘బండెనక బండి గట్టి’ని గద్దర్ తెర మీదికి వచ్చి పాడుతుంటే ముందు వరుసలవాళ్ళు గొంతు కలిపారు. నాకు మాత్రం అంతకంటే సుద్దాల హనుమంతు రాసిన పసుల కాపరి పిల్లవాడి పాటే ఎక్కువ తగిలింది. నా తరగతిలో నాట్ల కాలం రాగానే మాయమయ్యే ఒక పిల్లవాడు ఉండేవాడు. హాజరు పట్టీలో వాడి పేరు ఎదుట సున్నాలు పెట్టడమే నా పని అనుకునేవాణ్ణి. ఆ పాట విన్న తర్వాత ఒక సాయంత్రం వాళ్ళ ఇంటికి పోయాను. వాడు బర్రెలు తోలుకుని ఇంకా రాలేదు. వాళ్ళ అమ్మ మంచం వాల్చి, ‘మా పోరడు ఏమన్న తప్పు జేసిండా సారూ’ అని భయంగా అడిగింది.

సినిమాలో నాకు నచ్చనివీ ఉన్నాయి. రెండో సగంలో ఏళ్ళకు ఏళ్ళు పరుగెత్తుకుపోతాయి. చంద్రిని కథ సగం దారిలో వదిలేసిందని ఇప్పటికీ అనిపిస్తుంది. అయినా నువ్వు చూడని ఆ సగమే అసలైనది. హైదరాబాద్‌లో కార్మిక నాయకుడు మక్బూల్ రామయ్య కళ్ళు తెరిపిస్తాడు. ఈ సినిమాకు ఆధారం కృషన్ చందర్ రాసిన ఉర్దూ నవల అని తెలిస్తే, మన పల్లె కథలో ఆ స్నేహం ఎంత సహజంగా ఒదిగిందో అర్థమవుతుంది. 1948 సెప్టెంబర్‌లో నిజాం లొంగిపోవడంతో ఇంకొకరైతే శుభం కార్డు వేసేవారు. వీళ్ళు వేయలేదు. పారిపోయిన దొరలు వేషం మార్చుకుని మళ్ళీ ఊళ్ళోకి వస్తారు, జనం పంచుకున్న భూమి మళ్ళీ వివాదంలో పడుతుంది, పోరాటం సాగుతుంది. పాఠ్యపుస్తకంలో ఒక తేదీతో ముగించి నేను ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం ఆ తేదీ దగ్గర ముగియదని ఆ అరగంట చూసే తెలుసుకున్నాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు మొదటి నుంచి పెట్టమని అడగను. రామయ్య హైదరాబాద్ చేరిన చోటు నుంచి పెట్టు చాలు. మీ నాయనమ్మ సకినాలు అప్పటికి చేసి ఉంచుతానంటోంది.

ఇట్లు,
మీ తాత.