అద్దె ఒప్పందం ముఖ్యాంశాలు: ఎంవీపీ కాలనీ డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్

అక్కా, బావగారూ, ఓనర్ పంపిన 14 పేజీల అగ్రిమెంటు సారం ఇది. బ్రాకెట్లలో క్లాజు నంబర్లు వేశాను. ఓనర్‌తో తేల్చుకోవాల్సిన చోట ‘అడగాలి’ అని రాశాను.

గడువు (2): 2025 జూన్ 1 నుంచి 2026 ఏప్రిల్ 30 వరకు, 11 నెలలు.  పొడిగిస్తే అద్దె 7 శాతం పెరిగి 19,260 అవుతుంది.

అద్దె (3, 4): నెలకు 18,000, 5వ తేదీలోగా. 10 దాటితే రోజుకు 100 అదనం. మెయింటెనెన్స్ 1,800 అసోసియేషన్‌కు వేరే కట్టాలి. కరెంటు బిల్లు మనదే. వేసవిలో ట్యాంకర్ తెప్పిస్తే ఆ ఖర్చులో వాటా కూడా మనదే. బావగారు పాత పన్ను విధానంలోనే ఉన్నారు, ఏడాది అద్దె లక్ష దాటుతోంది కాబట్టి హెచ్‌ఆర్‌ఏకి ఓనర్ పాన్ నంబరు కావాలి. అగ్రిమెంటులో లేదు. అడగాలి.

అడ్వాన్స్ (6, 17): 54,000, వడ్డీ లేదు. టోకెన్‌గా ఇచ్చిన 10,000 ఇందులోనే కలుస్తుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటారు, గోడలు ఎంత శుభ్రంగా ఉన్నా సరే. అసలు చిక్కు ఇంకొకటి. 6వ క్లాజు తాళాలిచ్చిన 7 రోజుల్లో డబ్బు వాపసు అంటోంది, 17వది కొత్తవాళ్లు దిగాక అంటోంది. రెండూ ఉంటే ఓనర్ 17నే చూపిస్తారు. దాన్ని కొట్టేయమని అడగాలి.

నోటీసు (10, 11): మనం 2 నెలల ముందు చెప్పాలి, ఓనర్ 1 నెల ముందు చెబితే చాలు. ఇది సమంగా లేదు, అడగాలి. నోటీసు కాగితం మీదే ఇవ్వాలి, వాట్సాప్ మెసేజ్ చెల్లదు. మొదటి 6 నెలలు లాక్-ఇన్, ఆ లోపు నోటీసు కూడా ఇవ్వకూడదు. అంటే డిసెంబరు 1న ఇచ్చినా జనవరి 31 దాకా అద్దె కట్టాల్సిందే. మధ్యలో వెళ్లిపోతే లాక్-ఇన్‌లో మిగిలిన నెలల అద్దె అడ్వాన్స్‌లోంచి పోతుంది. బావగారికి ట్రాన్స్‌ఫర్ వచ్చే అవకాశముంది కదా, ఆర్డరు చూపిస్తే మినహాయింపు ఉండేలా ఒక వాక్యం రాయించుకోవాలి.

ఆంక్షలు (12–15): వేరేవాళ్లకు అద్దెకివ్వకూడదు. పెంపుడు జంతువులు వద్దు. చుట్టాలు 15 రోజులు దాటి ఉంటే ముందే చెప్పాలి, అత్తయ్యగారు వచ్చినప్పుడు గుర్తుంచుకోండి. సెల్లార్‌లో ఒక కారుకే చోటు. గోడలకు డ్రిల్లింగ్, ఏసీ బిగింపు రాతపూర్వక అనుమతితోనే.

14వ క్లాజు మాత్రం ఒప్పుకోవద్దు. కిటికీ గ్రిల్స్, గీజర్ తుప్పు పడితే బాగుచేయించే బాధ్యత మనదట. సముద్రపు గాలికి ఇక్కడ ఇనుము తుప్పు పట్టక మానదు, అది మన వాడకం వల్ల వచ్చేది కాదు. వంటగది గ్రిల్ కింది కమ్మీలు ఇప్పటికే పెచ్చులూడుతున్నాయి. దిగే రోజే తేదీ పడేలా ఫొటోలు తీసి ఓనర్‌కు పంపండి.

14, 17 క్లాజుల మార్పులు, ట్రాన్స్‌ఫర్ వాక్యం టైపు చేయించి, ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలూ పడ్డాకే మిగతా 44,000 ఇవ్వండి.