డాక్టర్ కె. శ్రావణి పని అనుభవ ధ్రువీకరణ లేఖ

తేదీ: 2025 జులై 9

మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ విభాగం అధికారులకు,

నమస్కారం.

డాక్టర్ కె. శ్రావణి మా ఆసుపత్రి జనరల్ మెడిసిన్ విభాగంలో 2022 మార్చి 14 నుంచి 2025 జూన్ 30 వరకు జూనియర్ రెసిడెంట్‌గా, జీతం తీసుకుంటూ, ఫుల్‌టైమ్ పనిచేశారు. ఈ లేఖ రాస్తున్న నేను ఆ విభాగాధిపతిని. ఆమెకూ నాకూ చుట్టరికం లేదు, డబ్బు వ్యవహారాలు అంతకంటే లేవు. కింద రాసినదంతా నేను స్వయంగా చూసింది, లేదా డ్యూటీ రిజిస్టర్లు ముందు పెట్టుకుని సరిచూసుకున్నది. ఐసీయూలో పనిచేసిన నెలల గురించి మాత్రం అక్కడి ఇన్‌చార్జి కన్సల్టెంట్‌ను అడిగి రాశాను, అందుకే ఆయన కూడా చివర్లో సంతకం చేశారు.

మా ఆఫీసు ఇచ్చిన సర్వీస్ సర్టిఫికెట్ మీకు ఇప్పటికే చేరి ఉంటుంది. అందులో చేరిన తేదీ, మానేసిన తేదీ, "పనితీరు సంతృప్తికరం" అన్న ఒక ముక్క తప్ప ఏమీ లేదు. అది చదివితే ఆమె పేషెంట్లను చూశారో, ఫైళ్లు సర్దారో కూడా తెలియదు. అందుకని వివరంగా రాస్తున్నాను.

ముందు మీకు అనుమానం రాగల రెండు విషయాలు. నియామక ఉత్తర్వులో హోదా "జూనియర్ రెసిడెంట్" అని ఉంది, జీతం స్లిప్పుల్లో "డ్యూటీ మెడికల్ ఆఫీసర్" అని పడింది. రెండూ ఒకే ఉద్యోగం, అకౌంట్స్ వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఆ పాత పేరే ఉండిపోయింది. అలాగే పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే డిగ్రీలోనూ మా రికార్డుల్లోనూ "కె" అన్న పొడి అక్షరమే ఉంది. పాస్‌పోర్టు, డిగ్రీ, మెడికల్ రిజిస్ట్రేషన్ అసలు కాపీలు మూడూ పక్కపక్కన పెట్టి ఫోటోలు, పుట్టిన తేదీ చూశాను, ముగ్గురు కాదు, ఒక్కరే.

2022 మార్చి 14 నుంచి సెప్టెంబర్ 30 వరకు మెడికల్ వార్డుల్లో, అక్టోబర్ 1 నుంచి 2023 ఆగస్టు 6 వరకు ఎమర్జెన్సీలో పనిచేశారు. ఆగస్టు 7 నుంచి 2024 ఫిబ్రవరి 4 వరకు 26 వారాలు ప్రసూతి సెలవులో ఉన్నారు, ఆ సమయంలో క్లినికల్ పని ఏమీ చేయలేదు కాబట్టి దాన్ని అనుభవంలో కలపకండి. ఫిబ్రవరి 5న తిరిగి చేరి నవంబర్ 30 వరకు మెడికల్ ఐసీయూలో, డిసెంబర్ 1 నుంచి చివరి రోజు దాకా వార్డుతో పాటు ఓపీలో ఉన్నారు. సెలవు తీసేస్తే 2 సంవత్సరాల 9 నెలలకు పైగా నికరంగా పని. వారానికి సగటున 48 గంటలు, నైట్ డ్యూటీలు అందులో కలిసే ఉన్నాయి. ఇది అబ్జర్వర్‌షిప్ కాదు, పక్కన నిలబడి చూసే పోస్టు అసలే కాదు.

రోజూ చేసిన పని చెప్పాలంటే, కొత్తగా అడ్మిట్ అయినవాళ్ల హిస్టరీ తీసుకుని పరీక్ష చేసి కేస్ షీటు రాయడం, పరీక్షలు, మందులు నిర్ణయించి నాకో డ్యూటీలో ఉన్న కన్సల్టెంట్‌కో చెప్పడం, ఉదయం రౌండ్స్, డిశ్చార్జ్ సమ్మరీలు, బంధువులతో మాట్లాడటం. ఈ చివరిది చాలామంది జూనియర్లు నర్సుల మీదకు తోసేస్తారు, శ్రావణి తోయలేదు, చనిపోయిన వార్త కూడా కూర్చోబెట్టి తనే చెప్పేవారు.

ఆమె ఎలా పనిచేస్తారో తెలియాలంటే ఒక రాత్రి గురించి చెబితే చాలు. డయాలసిస్ ఒక విడత ఎగ్గొట్టిన పేషెంటు "కాళ్లలో సత్తువ లేదు" అంటూ ఎమర్జెన్సీకి వచ్చాడు. బీపీ బాగానే ఉంది, చూడటానికి కులాసాగానే ఉన్నాడు. ఆమె వెంటనే ఈసీజీ తీయించారు, టీ వేవ్‌లు సూదుల్లా లేచి ఉన్నాయి, క్యూఆర్ఎస్ వెడల్పయింది. ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా మానిటర్ పెట్టి కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చి, ఇన్సులిన్, గ్లూకోజ్ మొదలుపెట్టించి, అప్పుడు నాకు ఫోన్ చేసి "సార్, పొటాషియం పెరిగినట్టుంది, డయాలసిస్ వాళ్లను లేపుతున్నాను" అన్నారు. రిపోర్టు తర్వాత వచ్చింది, 7.6. నాకు నచ్చింది ఆ వేగం ఒక్కటే కాదు, ఆ కేస్ షీటులో ఇచ్చిన ప్రతి మందు పక్కన టైము ఉంది, ఇన్సులిన్ ఇచ్చాక షుగర్ ఆలస్యంగా పడిపోవచ్చు కాబట్టి తెల్లవారేదాకా గంట గంటకూ చూసిన రీడింగులున్నాయి, డ్యూటీ దిగేటప్పుడు తర్వాతి డాక్టర్‌కు రాసిన హ్యాండోవర్‌లో ఇంకా ఏం మిగిలి ఉందో ఉంది.

ప్రొసీజర్ల సంగతి ఉన్నదున్నట్టు రాస్తాను. నరానికి క్యాన్యులా, ఆర్టీరియల్ శాంపిల్, యూరిన్ క్యాథెటర్, రైల్స్ ట్యూబ్, పొట్టలో నీరు తీయడం, లంబార్ పంక్చర్ ఆమె సొంతంగా చేయగలరు. సెంట్రల్ లైన్, ఇంట్యుబేషన్ ఐసీయూలో చేశారు గానీ ప్రతిసారీ సీనియర్ పక్కన ఉన్నారు, ఒంటరిగా చేశారని నేను రాయలేను. బ్రాంకోస్కోపీ చూశారు, చేయలేదు. సీపీఆర్ టీమ్‌ను నడిపించారు, ఏసీఎల్ఎస్ శిక్షణ పూర్తిచేశారు, సర్టిఫికెట్ ఆమె దగ్గరే ఉంది.

లోపాలేమీ లేవంటే మీరూ నమ్మరు. ఓపీకి వచ్చిన కొత్తలో చాలా నెమ్మది, ఒక్కో పేషెంటుకు ఎంతసేపు పట్టేదంటే బయట లైను కదిలేది కాదు. చెప్పాను, మార్చుకున్నారు, కానీ ఇప్పటికీ మిగతావాళ్లకంటే కాస్త ఎక్కువ టైమే తీసుకుంటారు, అది వదిలించాల్సిన అలవాటని ఇప్పుడు నాకనిపించడం లేదు. తెలియనిది తెలియదని చెప్పి, అర్ధరాత్రయినా ఫోన్ చేసి అడిగే మనిషి.

ఆమె మీద మా ఆసుపత్రిలో క్రమశిక్షణ చర్యలు, విచారణలు, పేషెంట్ల రాతపూర్వక ఫిర్యాదులు లేవు, పెండింగ్‌లో కూడా ఏమీ లేవు. ఆరోగ్యం వల్ల పనికి అడ్డొచ్చిన సందర్భం నా దృష్టికి రాలేదు. ఉద్యోగం తనంతట తానే మానేశారు, నోటీసు పీరియడ్ పూర్తిగా చేశారు. గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ మాత్రం ఆమె పేరు నమోదైన ఇక్కడి మెడికల్ కౌన్సిల్ నుంచే మీకు రావాలి, దానికి నా సంతకం పనికిరాదు.

ఈ లేఖ ఆమె చేతికి ఇవ్వడం లేదు. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్ర వేసి, అధీకృత అనువాదకుడు చేసిన అనువాదంతో కలిపి మా ఆఫీసు నుంచి నేరుగా మీకే పంపుతున్నాం. సరిచూసుకోవాలంటే లెటర్‌హెడ్ మీదున్న ఆఫీసు నంబరుకు మా సమయం ప్రకారం మధ్యాహ్నం 2 నుంచి 4 లోపు చేయండి, ఉదయం రౌండ్స్‌లో ఉంటాను, ఫోన్ ఎత్తను. ఈమెయిల్ అయితే ఆసుపత్రి అధికారిక చిరునామాకే రాయండి, నా పేరుతో వేరే చిరునామా నుంచి ఏదైనా వస్తే అది నాది కాదు. డ్యూటీ రిజిస్టర్ల కాపీలు కావాలంటే అడగండి, పేషెంట్ల వివరాలు కొట్టేసి పంపిస్తాం.

ఇట్లు,
డాక్టర్ ఎస్. మాధవరావు, ఎండీ
ప్రొఫెసర్, జనరల్ మెడిసిన్ విభాగాధిపతి
(సంతకం, ఆసుపత్రి ముద్ర)

ఐసీయూ కాలానికి సంబంధించిన వివరాలు సరైనవే:
డాక్టర్ పి. రమేష్, ఎండీ
మెడికల్ ఐసీయూ ఇన్‌చార్జి కన్సల్టెంట్
(సంతకం)