ఇంటర్వ్యూ గదిలో ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు: వీడియో స్క్రిప్ట్

కెరీర్ గైడ్‌లోని "ఇంటర్వ్యూకు సన్నద్ధత" విభాగానికి వీడియో రూపం. బీకాం ఆఖరి ఏడాది వారికి. నిడివి సుమారు 5 నిమిషాలు. పాత్రలు: యాంకర్, విద్యార్థిని, మేనేజర్. ఉద్యోగం: విశాఖ పోర్టు దగ్గర క్లియరింగ్ ఆఫీసులో అకౌంట్స్ అసిస్టెంట్.

సీన్ 1. కాలేజీ మెట్లు

తెర మీద గైడ్ వాక్యం: "అభ్యర్థి తనను తాను సంక్షిప్తంగా పరిచయం చేసుకోవలెను."

యాంకర్: సంక్షిప్తంగా అంటే ఎంత? అరవై సెకన్లు. అందులో ఏం ఉండాలో గైడ్ చెప్పలేదు, మనం చూద్దాం.

సీన్ 2. ఇంటర్వ్యూ గది

మేనేజర్: మీ గురించి చెప్పండమ్మా.

తెర మీద: ఇలా వద్దు

విద్యార్థిని: మాది అనకాపల్లి సార్. నాన్నగారు వ్యవసాయం, అమ్మ గృహిణి. నా హాబీలు పాటలు వినడం, షటిల్ ఆడటం. నేను బాగా కష్టపడతాను సార్.

యాంకర్: తప్పేం లేదు, కానీ ఇందులో ఉద్యోగానికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. మేనేజర్ మీ మాటల్లోంచే తర్వాతి ప్రశ్న ఏరుకుంటారు. షటిల్ అన్నారంటే షటిల్ గురించే అడగొచ్చు.

తెర మీద: ఇలా చెప్పండి

విద్యార్థిని: బీకాం కంప్యూటర్స్ ఆఖరి ఏడాది సార్. వేసవి సెలవుల్లో గాజువాకలో ఒక హార్డ్‌వేర్ షాపులో రెండు నెలలు ట్యాలీలో కొనుగోలు బిల్లులు ఎక్కించాను, రోజుకి నలభై దాకా. నెలాఖరున సప్లయర్ స్టేట్‌మెంట్‌తో సరిచూసినప్పుడు ఒకే ఇన్‌వాయిస్ రెండుసార్లు ఎక్కినట్టు బయటపడింది. మీ ఆఫీసులో బిల్లుల పని ఎక్కువని ప్రకటనలో చూసి అప్లై చేశాను.

యాంకర్: చదువు, చేసిన పని, ఇక్కడికెందుకు వచ్చారు. ఈ వరసే. ఇప్పుడు మేనేజర్ అడిగేది ఆ రెండుసార్లు ఎక్కిన ఇన్‌వాయిస్ గురించి. అది మీకు బాగా తెలిసిన సంగతి.

సీన్ 3. రెజ్యూమె క్లోజప్

మేనేజర్ వేలు "ఎక్సెల్: అడ్వాన్స్‌డ్" అన్న మాట మీద ఆగుతుంది.

మేనేజర్: `VLOOKUP` వాడితే `#N/A` వచ్చింది. ఏం చూస్తారు?

తెర మీద: ఇలా వద్దు

విద్యార్థిని: అదీ… కోర్సులో చెప్పారు సార్, గుర్తులేదు.

తెర మీద: ఇలా చెప్పండి

విద్యార్థిని: ఆ విలువ అసలు జాబితాలో ఉందో లేదో చూస్తాను. ఉంటే, ముందూ వెనకా ఖాళీ స్పేస్ ఉందేమో చూసి `TRIM` వాడతాను. ఒకచోట నంబరుగా, ఇంకోచోట టెక్స్ట్‌గా ఉన్నా దొరకదు. చివర `FALSE` పెట్టానో లేదో కూడా చూసుకుంటాను.

యాంకర్: చివరి ముక్క గమనించారా? `FALSE` మర్చిపోతే ఒక్కోసారి ఎర్రర్ కూడా రాదు, తప్పు అంకె వచ్చి కూర్చుంటుంది. అకౌంట్స్‌లో అది ఎర్రర్ కన్నా ప్రమాదం. రెజ్యూమెలో ప్రతి లైను పక్కనా పెన్సిల్‌తో రెండు ప్రశ్నలు రాసుకోండి. జవాబు రాకపోతే ఆ లైను కొట్టేయండి. "అడ్వాన్స్‌డ్" అన్న మాటైతే చాలామంది కొట్టేయాల్సిందే!

సీన్ 4. తెలియని ప్రశ్న

మేనేజర్: ఇ-వే బిల్లు తీశారా ఎప్పుడైనా?

తెర మీద: ఇలా వద్దు

విద్యార్థిని: తీశాను సార్, చాలాసార్లు.

మేనేజర్: పార్ట్ బీలో ఏం ఎంటర్ చేస్తారు? (విద్యార్థిని నోట మాట రాదు.)

తెర మీద: ఇలా చెప్పండి

విద్యార్థిని: నేనుగా తీయలేదు సార్. సరుకు విలువ రూ. 50,000 దాటితే మామూలుగా కావాలని తెలుసు. పార్ట్ ఏలో సరుకు, ఇన్‌వాయిస్ వివరాలు, పార్ట్ బీలో బండి నంబరు ఇస్తారని చదివాను.

యాంకర్: చేయనిది చేయలేదనండి, తెలిసినంత చెప్పి ఆపేయండి. ఫ్రెషర్‌కి అన్నీ వచ్చుండాలని ఎవరూ అనుకోరు. అబద్ధం దొరికితే మాత్రం అంతకుముందు చెప్పిన నిజాల్నీ అనుమానిస్తారు.

సీన్ 5. ఎన్‌ఏడీ జంక్షన్, ట్రాఫిక్ షాట్లు

యాంకర్: బట్టలకి కొత్తవి కొననక్కర్లేదు, ఇస్త్రీ చేసిన లేత రంగు చాలు. మన విశాఖ ఉక్కపోతకి చేతిరుమాలు మర్చిపోవద్దు. గాజువాక వైపు నుంచి వస్తుంటే ఎన్‌ఏడీ దగ్గర ట్రాఫిక్‌కి అరగంట అదనంగా వేసుకోండి. ఇరవై నిమిషాల ముందు గేటు దగ్గరుంటే చెమట ఆరుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, జిరాక్సులే ఇవ్వండి.

సీన్ 6. గదిలోనే

మేనేజర్: మీరేమైనా అడుగుతారా?

తెర మీద: ఇలా వద్దు

విద్యార్థిని: ఏం లేవు సార్. సెలవులెన్ని ఉంటాయి?

తెర మీద: ఇలా అడగండి

విద్యార్థిని: మొదటి నెల నాకు ఏ పని అప్పగిస్తారు సార్? బిల్లులు ఎవరు చెక్ చేస్తారు?

యాంకర్: జీతం, సెలవులు అడగడం తప్పు కాదు. వాళ్లు ఆ మాట ఎత్తాక అడగండి, లేదా ఆఫర్ వచ్చాక. ఇప్పుడు వీడియో ఆపి, ఫోన్‌లో మీ పరిచయం రికార్డు చేయండి. డెబ్బై సెకన్లు దాటితే ముందు హాబీలు తీసేయండి.

తెర మీద: తర్వాతి వీడియో: గ్రూప్ డిస్కషన్