మే 11 నుంచి 20 వరకు నా సెలవు: వ్యాక్సిన్ గది, మందుల కౌంటర్ అప్పగింత

మెడికల్ ఆఫీసర్ గారికి,

మేడమ్, నమస్కారం. అమ్మ మోకాలి ఆపరేషన్ కోసం మే 11 సోమవారం నుంచి 20 బుధవారం వరకు విశాఖపట్నంలో ఉంటాను. 21 గురువారం ఉదయం ఓపీ మొదలయ్యేసరికి డ్యూటీలో ఉంటాను. ఈ మధ్యలో మూడు టీకాల రోజులు (13, 16, 20), ఒక ఆదివారం వస్తున్నాయి. ఇన్ని రోజులూ వ్యాక్సిన్ గది పూర్తి బాధ్యత లక్ష్మి సిస్టర్‌ది, మందుల కౌంటర్ పద్మ సిస్టర్‌ది. ఏ పనీ ఇద్దరి మధ్య పడిపోకుండా, ఒక్కో పనికి ఒక్కరే జవాబుదారీ అని ఇద్దరితోనూ కూర్చుని మాట్లాడుకున్నాం. మీరు డ్యూటీ చార్టులో లక్ష్మి సిస్టర్‌కు నైట్లు తీసేయడం వల్లే ఇది కుదిరింది.

లక్ష్మి సిస్టర్ కోల్డ్ చైన్ శిక్షణ తీసుకున్నవారే. అయినా శిక్షణ వేరు, బుధవారం ఉదయం ఆరు సబ్‌సెంటర్ల క్యారియర్లు ఒకేసారి సర్దడం వేరు. అందుకే ఈ నెల 6న, ఈరోజు 9న రెండు సెషన్లకూ ఆమే వ్యాక్సిన్ ఇచ్చి, సాయంత్రం మిగిలినవి వెనక్కి తీసుకుని, రిజిస్టర్ రాసి, ఈవిన్‌లో ఎక్కించారు. నేను పక్కన ఉండి చూశాను. తెరిచిన పెంటా, టీడీ వయల్స్ మీద తెరిచిన తేదీ ఉందా, వీవీఎం బాగుందా చూసి 28 రోజుల లెక్కన వేరు పెట్టారు. కలిపిన బీసీజీ, ఎంఆర్ వయల్స్‌ను సెషన్ అయ్యాక మళ్లీ స్టాకులోకి రానివ్వలేదు. నేను ఒక్క చోట కూడా కల్పించుకోవాల్సిన అవసరం రాలేదు.

ఐఎల్‌ఆర్ టెంపరేచర్ ఉదయం, సాయంత్రం రెండు పూటలా రాస్తారు. 17 ఆదివారం లక్ష్మి సిస్టర్‌కు వీక్లీ ఆఫ్ కాబట్టి ఆ రోజు డ్యూటీలో ఉండే పద్మ సిస్టర్ రాస్తారు. చార్టులో ఆ గడి దగ్గర ఆమె పేరు ఇప్పుడే పెన్సిల్‌తో రాసిపెట్టాను. ఇదివరకు టెంపరేచర్ అలర్ట్ మెసేజ్ నా ఫోన్‌కు మాత్రమే వచ్చేది. జిల్లా వ్యాక్సిన్ కోల్డ్ చైన్ మేనేజర్‌తో మాట్లాడి లక్ష్మి సిస్టర్ నంబరు కూడా చేర్పించాను. శుక్రవారం ఆమె ఫోన్‌కు మెసేజ్ రావడం కళ్లారా చూశాను.

మీకు టెన్షన్ పెట్టేది కరెంటు సంగతే అని తెలుసు. మేలో సాయంత్రం గాలివాన వచ్చిందంటే లైను ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పలేం. కరెంటు పోయిన వెంటనే చేయాల్సింది ఐఎల్‌ఆర్ మూత తెరవకుండా ఉంచడం. మూత తీయకపోతే లోపలి చల్లదనం చాలాసేపు నిలుస్తుంది. గంటగంటకూ బయట డిస్‌ప్లే చూసి రాయాలి. జనరేటర్‌లో డీజిల్ నింపించాను, ఇంకో క్యాన్ స్టోర్‌లో ఉంది. రాత్రిపూట అయితే వాచ్‌మన్ జనరేటర్ వేసి లక్ష్మి సిస్టర్‌కు ఫోన్ చేస్తారు. జనరేటర్ కూడా మొరాయించి టెంపరేచర్ 7 దాటి ఎక్కుతూ ఉంటే, 8 వరకూ ఆగకుండా వ్యాక్సిన్‌ను కోల్డ్ బాక్సులోకి మార్చి పక్క పీహెచ్‌సీకి పంపాలి. అక్కడి ఫార్మసిస్టుతో మాట్లాడాను, వాళ్ల ఐఎల్‌ఆర్‌లో మన స్టాకుకు చోటు ఉంది. కోల్డ్ బాక్సు కడిగి ఆరబెట్టి గది మూలనే పెట్టాను.

ఎండాకాలంలో అందరి దృష్టీ వేడి మీదే ఉంటుంది కానీ, నేను లక్ష్మి సిస్టర్‌కు ఎక్కువసేపు చెప్పింది గడ్డకట్టడం గురించి. పెంటా, టీడీ, డీపీటీ, హెపటైటిస్ బి లాంటివి ఒకసారి గడ్డకడితే పనికిరావు, పైగా వీవీఎం దాన్ని పట్టించదు. టెంపరేచర్ 2 కంటే కిందికి పోయినట్టు కనిపిస్తే ఆ వయల్స్ ఎవరికీ ఇవ్వకూడదు, పారేయకూడదు కూడా. "వాడవద్దు" అని రాసి ఐఎల్‌ఆర్‌లోనే విడిగా పెట్టి ముందు మీకు, తర్వాత జిల్లాకు చెప్పాలి. షేక్ టెస్ట్ మీ ఎదుటే చేస్తారు. అలాగే డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్ ప్యాకులు నేరుగా క్యారియర్‌లో పెట్టకుండా బల్ల మీద పరచాలి. చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే సర్దాలి. క్యారియర్లు తీసుకెళ్లేవాళ్లు తొందరపెడతారు. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినొద్దని సిస్టర్‌కు గట్టిగా చెప్పాను. మీరు కూడా ఆమెకు అండగా ఉండాలని మనవి.

డీప్ ఫ్రీజర్ స్టెబిలైజర్ పని ఒకటి ఇంకా తేలలేదు. ప్రస్తుతం స్పేర్ స్టెబిలైజర్ మీద నడుస్తోంది, ఇబ్బందేమీ లేదు. పాతదాన్ని బాగుచేయడానికి టెక్నీషియన్ 12 మంగళవారం వస్తానన్నారు. ఆయన రాకపోయినా 13వ తేదీ సెషన్ ఆగదు. ఆరు క్యారియర్లకు కావలసిన 24 ఐస్ ప్యాకులు గడ్డకట్టి ఉన్నాయి, ఇంకో 24 పక్కన సిద్ధంగా ఉన్నాయి. 14 దాకా రాకపోతే లక్ష్మి సిస్టర్ జిల్లాకు ఫోన్ చేస్తారు.

వ్యాక్సిన్ నిన్ననే వచ్చింది, జూన్ మొదటి వారం దాకా సరిపోతుంది. ఈరోజు సెషన్ అయ్యాక ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. రిజిస్టర్, ఈవిన్, చేతిలో ఉన్న వయల్స్ మూడూ కలిశాయి. పాముకాటు మందు 20 వయల్స్ ఎమర్జెన్సీ బీరువాలో ఉన్నాయి. మొదటి డోసుకు 10 చొప్పున ఇద్దరికి వస్తాయి. 20వ తేదీలోపు కుక్కకాటు డోసులు వేయించుకోవాల్సినవాళ్ల పేర్లు, తేదీలు ఇంజెక్షన్ గది గోడ మీద అంటించాను. బీపీ మాత్రలకు లోటు లేదు. మెట్‌ఫార్మిన్ 500 మాత్రం ఇప్పటి వాడకం చూస్తే 22, 23 తేదీల దాకానే వస్తుంది. ఇండెంట్ పెట్టాను. 18 సోమవారానికి సరుకు రాకపోతే పక్క పీహెచ్‌సీ నుంచి తెప్పించుకోవాలి, దానికి మీ సంతకంతో లెటర్ కావాలి. ఆ లెటర్ టైపు చేయించి ఆకుపచ్చ ఫైలులో మొదటి కాగితంగా పెట్టాను. ఈ పది రోజుల్లో ఫార్మసీ తరఫున మీరు చూడాల్సిన పని ఇదొక్కటే.

వ్యాక్సిన్ గది తాళం ఒకటి లక్ష్మి సిస్టర్ దగ్గర, రెండోది సీలు వేసిన కవరులో మీ బీరువాలో ఉన్నాయి. అమ్మకు ఆపరేషన్ 12న ఉదయం. ఆ రోజు మధ్యాహ్నం దాకా నా ఫోన్ ఆఫ్‌లో ఉంటుంది. మిగతా రోజుల్లో సాయంత్రం ఆరు గంటలకు నేనే సిస్టర్‌కు ఫోన్ చేసి ఆ రోజు టెంపరేచర్లు అడుగుతాను. మధ్యలో ఏం జరిగినా నాకోసం ఆగకుండా ఆమె మిమ్మల్ని అడిగి పని చేసేస్తారు, నాకు తర్వాత చెబితే చాలు. మీరు ఎప్పుడు ఫోన్ చేసినా పరవాలేదు, ఆసుపత్రిలో ఉన్నానని మొహమాటపడకండి.

ఈ కాగితం మీద లక్ష్మి సిస్టర్, పద్మ సిస్టర్ ఇద్దరూ చదివి సంతకాలు పెట్టారు. మీరు కూడా చూసి సంతకం చేస్తే ఒక కాపీ వ్యాక్సిన్ గదిలో అంటించి, ఒకటి ఆఫీసు ఫైలుకు ఇచ్చి రేపు రాత్రి బస్సుకు బయలుదేరతాను.

మీ విధేయుడు,
ఫార్మసిస్టు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం
మే 9, శనివారం